‘ఫిజిక్స్’ అని ఒక్క మాట రాసిన చీటీ: మా స్టడీ హాల్ ప్రాజెక్టు డైరీ

జూన్, బడులు తెరిచాక

మా బస్తీ కమ్యూనిటీ హాల్ మొదటి అంతస్తులో సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా స్టడీ హాల్ నడుస్తుంది. తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా పిల్లలు వస్తారు. డౌట్లు చూసేది ఇద్దరమే. నేను ఫిజిక్స్, లెక్కలు చూస్తాను. నా తోటి వాలంటీర్ కెమిస్ట్రీ, బయాలజీ చూస్తాడు. అందరినీ ఒకేసారి పలకరించలేం కాబట్టి గుమ్మం పక్కన ఒక అట్టపెట్టె పెట్టాం. డౌట్ ఉన్నవాళ్లు చీటీ రాసి వేస్తే వరసగా పిలుస్తాం.

చీటీలు బాగానే పడుతున్నాయి. కాకపోతే ఎక్కువ వాటి మీద ఒకటే మాట ఉంటోంది: ‘ఫిజిక్స్’. ఏ పాఠమో, ఏ లెక్కో లేదు. ఆ మాటను బట్టి తెలిసేది తరగతి ఒక్కటే. స్టేట్ సిలబస్ పదో తరగతి పిల్లలు ఫిజికల్ సైన్స్‌ను ‘పీఎస్’ అని రాస్తారు, ‘ఫిజిక్స్’ అని రాసేది ఎక్కువగా ఇంటర్ వాళ్లు, సీబీఎస్‌ఈ వాళ్లు. అంతకు మించి ఏమీ తెలియదు. రేపటి హోంవర్క్ కోసమా, పరీక్ష భయమా, లేక ఏదో చూసి దాని గురించి తెలుసుకోవాలనా? ఈ మూడింటికీ మేం చేయాల్సిన పని వేరువేరు. హోంవర్క్‌కి పది నిమిషాలు చాలు. పరీక్ష భయంతో వచ్చిన పిల్లకు పాఠం చెప్పడం మొదలుపెడితే ఆ భయం పెరుగుతుంది. తెలుసుకోవాలని వచ్చిన పిల్లాడికి సూత్రం రాసిచ్చి పంపిస్తే మళ్లీ రాడు.

ఆ ఒక్క మాట వెనక ఏముందో త్వరగా, పిల్లల్ని ఇబ్బంది పెట్టకుండా తెలుసుకోవడం ఎలా? ఈ ప్రాజెక్టు పని అదే.

జూలై మొదట్లో

మొదట చీటీ మీద మూడు గడులు అచ్చు వేయించాం: హోంవర్క్, పరీక్ష, ఆసక్తి. ఏదో ఒకదానికి టిక్ పెట్టమన్నాం. దాదాపు అందరూ హోంవర్క్ గడిలోనే టిక్ పెట్టారు. భయంగా ఉందని చీటీ మీద ఒప్పుకోవడం పదహారేళ్ల పిల్లలకు కష్టం. ఆసక్తి గడిలో టిక్ పెడితే పక్కవాళ్లు నవ్వుతారేమోనని అనుమానం. హోంవర్క్ అంటే ఎవరూ ఏమీ అనరు. పైగా చాలామందికి తమకు ఏం కావాలో తమకే తెలియదు. తెలిస్తే ఒక్క మాటతో ఎందుకు ఆగిపోతారు?

గడులు తీసేశాం. చీటీ వేసినవాళ్లను పిలిచి ‘ఏం కావాలమ్మా?’ అని అడిగి చూశాం. ‘మొత్తం అక్కా’ అన్నది మామూలు జవాబు. ఇంకోటి, ‘ఏం సమజ్ అయితలేదు.’ రెండూ నిజమే అయి ఉండొచ్చు కానీ, వాటితో మేం ఏ పనీ మొదలుపెట్టలేం.

జూలై నెలాఖరు

ఇప్పుడు చీటీ మీద రెండే ప్రశ్నలున్నాయి.

ఎప్పటికి కావాలి?
చివరగా ఎక్కడ ఆగావు? (పేజీ నంబరు గానీ, ఆ వాక్యం గానీ రాయి)

ఈ రెండింటిలో నీకు భయమా, ఇష్టమా, తెలుసా, తెలియదా అన్న ప్రస్తావనే లేదు. పిల్లలు దాచుకోవాల్సింది ఏమీ ఉండదు. ఒకటి తేదీ, ఇంకోటి చోటు. ఏ రకమో తేల్చడం మా పని. చీటీ వెనక పెన్సిల్‌తో హ, ప, ఆ అని గుర్తు పెట్టుకుంటాం.

ఈ పద్ధతిలో చీటీలు మాట్లాడటం మొదలుపెట్టాయి. ‘రేపు’ అని, పేజీ నంబరు కూడా ఉంటే చాలావరకు హోంవర్కే. తేదీ దూరంగా ఉండి, ఆగిన చోటు ‘మొదటి నుంచీ’ అనో ‘అన్ని చాప్టర్లు’ అనో ఉంటే అది పరీక్ష. ‘ఎప్పుడైనా పర్లేదు’ అని రాసి, ఆగిన చోట పుస్తకంలో లేని వస్తువు పేరో, ఊళ్లో చూసిన చోటో ఉంటే అది ఆసక్తి. ఉదాహరణకు ఒక తొమ్మిదో తరగతి అబ్బాయి ‘ఎప్పుడైనా’ అని రాసి, కింద ‘గోల్కొండ’ అని రాశాడు. కోట చూడటానికి వెళ్లినప్పుడు ఫతే దర్వాజా దగ్గర కొట్టిన చప్పట్లు పైన బాలా హిస్సార్‌లో వినిపిస్తాయని గైడ్ చెప్పాడట. ఇతనికి వచ్చిన సందేహం, అవి పైకి చేరడానికి ఎంతసేపు పడుతుందని. దూరం దాదాపు కిలోమీటరు అంటారు, ధ్వని సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. కాబట్టి ఇంచుమించు మూడు సెకన్లు. ఆ జవాబు నేను చెప్పలేదు. దాన్ని ఎలా కొలుస్తావని అడిగాను. ఫోన్లో మాట్లాడుకుంటూ కొలుస్తామన్నాడు. ఫోన్ కాల్ కూడా మాటను కాస్త ఆలస్యంగా చేరుస్తుంది కదా అంటే ఆలోచనలో పడ్డాడు. కింద ఉన్నవాడు చప్పట్లు కొడుతూనే తెల్లగుడ్డ ఊపితే పైనున్నవాడు అది చూసి స్టాప్‌వాచ్ నొక్కొచ్చని రెండు రోజుల తర్వాత తనే వచ్చి చెప్పాడు. నొక్కడంలో చేతికి పట్టే ఆలస్యం సెకనులో ఐదో వంతు దాకా ఉండొచ్చు. మూడు సెకన్లలో అంత తేడాను భరించవచ్చు.

అన్ని చీటీలూ ఇంత తేటగా ఉండవు.

ఆగస్టు: అన్నీ కలిసిన చీటీ

ఈ నెలలో వచ్చిన ఒక చీటీ గురించి వివరంగా రాస్తున్నాను. మా పద్ధతి ఎంతవరకు పనిచేస్తుందో, ఎక్కడ చాలదో దాంట్లో కనిపించింది.

ఇంటర్ మొదటి సంవత్సరం అమ్మాయి. పైన ‘ఫిజిక్స్’ అని ఉంది. ఎప్పటికి అన్నచోట ‘రేపు, స్లిప్ టెస్ట్’. ఆగిన చోటు దగ్గర పేజీ నంబరు లేదు, ‘గాలి నిరోధం లేదనుకుంటే’ అన్న ముక్క మాత్రం రాసింది. విసిరిన వస్తువు పోయే దారి గురించి చెప్పే ప్రొజెక్టైల్ పాఠంలో మొదట్లోనే వచ్చే మాట అది. తేదీని బట్టి చూస్తే హోంవర్కూ పరీక్షా కలిసినట్టుంది. కానీ ఆ ముక్క దగ్గర సాధారణంగా ఎవరూ ఆగరు. దాన్ని దాటేసి సమీకరణాల దగ్గర ఆగుతారు. అందుకని చీటీ వెనక మూడు అక్షరాలూ రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టాను.

గడువు ఉన్న పని ముందు చూడాలన్నది మేం పెట్టుకున్న నియమం. రేపు రాయాల్సింది చేతిలో లేకుండా పిల్లల మనసు వేరేదాని మీదికి పోదు. టెస్టులో అడిగేది ప్రొజెక్టైల్ దారి పరావలయం అని నిరూపించడం. ఆమె దాన్ని కంఠస్థం చేసింది. రాయమంటే రెండు చోట్లా cosθ రాసింది. కాగితం మధ్యలో నిలువుగా గీత గీసి, ఎడమవైపు ‘అడ్డంగా’, కుడివైపు ‘నిలువుగా’ అని రాయించాను. విసిరిన వేగం u, కోణం θ. అడ్డంగా లాగేది ఏదీ లేదు కాబట్టి ఆ వేగం u cosθ మారదు: x = u cosθ · t. నిలువుగా భూమి లాగుతుంది కాబట్టి y = u sinθ · t − ½gt². రెండు వైపులా ఉన్నది ఒకే వస్తువు, ఒకే గడియారం. ఎడమవైపు నుంచి t తీసి కుడివైపు పెడితే ఇలా వస్తుంది:

y = x tanθ − g x² / (2u² cos²θ)

కంఠస్థం చేసిన పిల్లలకు నిరూపణ కంటే, రాసింది సరిగ్గా ఉందో లేదో తామే చూసుకునే దారి ఎక్కువ ఉపయోగపడుతుంది. అందుకని అంకెలు ఇచ్చాను. u = 20 మీ/సె, θ = 30°, g = 10 మీ/సె². నిలువు వేగం 20లో సగం, అంటే 10. అది సున్నా కావడానికి ఒక సెకను పడుతుంది. ఆ సెకనులో ఎక్కే ఎత్తు 5 మీటర్లు. అదే సెకనులో అడ్డంగా 17.3 మీటర్లు పోతుంది. ఇప్పుడు ఆ పెద్ద సమీకరణంలో x = 17.3 పెడితే మొదటి పదం 10, రెండో పదం 5, కాబట్టి y = 5. రెండు దారుల్లోనూ ఒకే జవాబు వచ్చింది. cos², sin² తారుమారైనా, 2 మర్చిపోయినా ఇక్కడ 5 రాదు. పరీక్ష హాల్లో అనుమానం వస్తే రఫ్‌లో ఈ అంకెలు పెట్టి చూసుకోమన్నాను.

హోంవర్క్ పూర్తయింది. ఆమె మాత్రం లేవలేదు. పుస్తకం మూసి, ‘ఇది రాకుండా వేరేది వస్తే అక్కా?’ అంది. డౌట్ తీరాక కూడా పిల్లలు కూర్చునే ఉంటే, వాళ్లు వచ్చింది డౌట్ కోసం మాత్రమే కాదని అర్థం. పరీక్ష భయం ఇలాగే బయటపడుతుంది: ప్రతి వరసకూ తల ఊపుతారు, అర్థమైందంటారు, చివర్లో ‘ఇది వస్తుందా’ అంటారు. ఆ సమయంలో ఇంకో పాఠం మొదలుపెట్టకూడదు. స్లిప్ టెస్టుకు ఎన్ని పేజీలు ఇచ్చారో అడిగాను. నాలుగు పేజీలట. ఆ పేజీల్లో అడగగలిగే ప్రశ్నలన్నీ ఆమెతోనే రాయించాం, ఒకే కాగితం మీద సరిపోయాయి. గరిష్ఠ ఎత్తు, ప్రయాణ కాలం, అడ్డంగా పోయే దూరం, దారి. మొదటి మూడూ ఇందాక గీసిన రెండు వరసల నుంచే వస్తాయని చూపించాక, మొహంలో బిగుతు తగ్గింది.

అప్పుడు అడిగాను, ‘గాలి నిరోధం లేదనుకుంటే’ అన్నచోట ఎందుకు ఆగావని.

‘మా గల్లీలో షటిల్ ఆడతాం అక్కా. పైకి కొడితే అది పుస్తకంలో బొమ్మ లెక్క రాదు. పోయేటప్పుడు ఏటవాలుగా పోతది, వచ్చేటప్పుడు నిట్టనిలువుగా పడతది. అంటే పుస్తకంలో ఉన్నది తప్పా?’

ఆ చీటీ అసలు ఉద్దేశం ఇదే. రేపటి టెస్టు భయం దాని మీద పేరుకుపోయింది, అంతే. ఆమె గమనించింది అక్షరాలా నిజం. షటిల్ కాక్ బరువు దాదాపు 5 గ్రాములు, దాని ఈకలు విచ్చుకుని ఉంటాయి. అంత తక్కువ బరువు మీద గాలి చాలా గట్టిగా పనిచేస్తుంది. అడ్డంగా ఉన్న వేగాన్ని గాలి తొందరగా తినేస్తుంది. పైకి చేరేసరికి ఆ వేగం చాలామటుకు పోయి ఉంటుంది, ఇక మిగిలింది కిందికి పడటమే. అందుకే ఎక్కిన దారి, దిగిన దారి ఒకేలా ఉండవు. మనం గీసిన ఎడమ వరసలో ‘అడ్డంగా లాగేది ఏదీ లేదు’ అని రాశాం కదా, షటిల్‌కి ఆ వరస చెల్లదు. పుస్తకం తప్పు కాదు. ఏ వస్తువుకు ఆ లెక్క వర్తిస్తుందో చెప్పే షరతే ఆ ముక్క, ఆమె ఆగింది సరిగ్గా దాని దగ్గరే.

గాలి పెద్దగా అడ్డురాని వస్తువుతో చూద్దామని రెండు రూపాయి బిళ్లలు తీశాను. స్కేలును టేబుల్ అంచున ఏటవాలుగా పెట్టాలి. ఒక బిళ్లను స్కేలుకూ అంచుకూ మధ్య టేబుల్ మీదే ఉంచాలి. ఇంకోటి స్కేలు బయటికి వచ్చిన చివర మీద ఉండాలి. స్కేలు లోపలి చివరను వేలితో పట్టుకుని, బయటి చివరను పక్కకు టక్కున తిప్పితే, టేబుల్ మీది బిళ్ల ముందుకు ఎగురుతుంది. స్కేలు మీది బిళ్ల కింద నుంచి స్కేలు జారిపోయి, అది ఉన్నచోటే పడుతుంది. చూడకుండా వినాలి. మా టేబుల్ ఎత్తు 75 సెంటీమీటర్లు, నేలను తాకడానికి 0.4 సెకను పడుతుంది, కాబట్టి కళ్లకు ఏదీ అందదు. చెవికి మాత్రం ఒకటే చప్పుడు, అంటే అడ్డంగా ఎగిరినా నిలువుగా పడటం మారదు. రెండు చప్పుళ్లు వేరుగా వినిపించాయంటే స్కేలు కాస్త పైకి లేచి ఎగిరే బిళ్లకు నిలువు వేగం ఇచ్చిందని అర్థం. స్కేలును టేబుల్‌కి అదిమి పట్టుకుంటే సరిపోతుంది. ఆమె చేసినప్పుడు మొదట్లో రెండు వినిపించాయి. ఎందుకో తనే కనిపెట్టి సరిచేసుకుంది.

పక్క టేబుళ్ల పిల్లలు కూడా చేరి బిళ్లలు కొట్టడం మొదలుపెట్టడంతో మా తోటి వాలంటీర్ కాసేపు కెమిస్ట్రీ చెప్పలేకపోయాడు. నాకైతే ఆ సాయంత్రం చాలా ఇష్టం.

వరస గురించి ఇక్కడ తేలిన విషయం రాసి పెట్టుకున్నాను. షటిల్ ప్రశ్న ముందే బయటికి వచ్చి ఉంటే, ముందు దానికే జవాబు చెప్పి ఉంటే, ఆమె గడియారం వైపు చూస్తూ వినేది. హోంవర్క్, తర్వాత భయం, ఆ తర్వాతే ఆసక్తి. ఒకే చీటీలో మూడూ ఉన్నప్పుడు ఈ వరసే పాటిస్తున్నాం.

జనవరి

చీటీలు పెరిగాయి, దాదాపు అన్నీ ‘ప’ గుర్తువే. ఫైనల్ పరీక్షలు దగ్గర పడుతున్నాయి. ‘ఎప్పటికి’ దగ్గర ‘మార్చి’, ‘ఎక్కడ ఆగావు’ దగ్గర ‘మొదటి నుంచీ’.

ఇంటర్ మొదటి సంవత్సరం అబ్బాయి ఒకడు ఇలాంటి చీటీతో వచ్చాడు. పుస్తకం తెరవబోతే ఆపి, పాత ప్రశ్నపత్రం తెరిపించాను. అందులో మార్కులు ఇలా ఉన్నాయి: రెండు మార్కుల ప్రశ్నలు పది, అన్నీ రాయాలి. నాలుగు మార్కులవి ఎనిమిదిలో ఆరు రాయాలి. ఎనిమిది మార్కులవి మూడింటిలో రెండు. మొత్తం 60, పాస్ కావడానికి 21. తర్వాత పుస్తకంలో విషయసూచిక తీసి, ఏ పాఠం నుంచైనా పుస్తకం చూడకుండా ఒక్క రెండు మార్కుల జవాబు రాయగలిగితే ఆ పాఠానికి టిక్ పెట్టమన్నాను. ‘ఏదీ రాదు’ అని వచ్చినవాడు సగానికి పైగా టిక్‌లు పెట్టాడు. వాటిలో కొన్ని ఎంచుకుని అప్పటికప్పుడు రాయించాను. టిక్ ఒక్కటే చూసి నమ్మకూడదు. భయపడే పిల్లలు కొన్నిసార్లు తక్కువ పెడతారు, ధైర్యం నటించే పిల్లలు ఎక్కువ పెడతారు. రాసిన వాక్యమే కొలత.

తర్వాత లెక్క వాడితోనే వేయించాను. రెండు మార్కులవాటిలో సగం వచ్చినా 10. నాలుగు మార్కులవి మూడు బాగా రాస్తే 12. కలిపితే 22. పెద్ద ప్రశ్న ఒక్కటి కూడా రాయకుండానే గట్టెక్కుతాడు. ఈ లెక్క పాస్ వరకే పనికొస్తుంది, ఎప్‌సెట్‌కు చదివేవాళ్లకు ఇది చాలదు, అక్కడ ఫిజిక్స్ నుంచే 40 ప్రశ్నలు ఉంటాయి. ఈ అబ్బాయికి ఎప్‌సెట్ ఆలోచన లేదు. ఇంట్లో ఫెయిల్ అన్న మాట తేకూడదన్నదే వాడి బాధ. కాగితం మీద 22 అన్న అంకె చూశాక, ‘అయితే పని శక్తి పాఠం నుంచి మొదలుపెడదాం అక్కా’ అన్నాడు. మొదటిసారి చీటీలో ఒక పాఠం పేరు రాసిందీ ఆ రోజే. ‘మొత్తం’ అన్నవాడు ఒక పాఠం పేరు చెప్పాడంటే టెన్షన్ కాస్త దిగినట్టే, మేం ఎదురుచూసే గుర్తు అదే.

వర్గీకరణ దారి తప్పిందని తెలిసే గుర్తులు కూడా ఇప్పటికి రాసుకున్నాం. అదే పిల్లలు అదే ఒక్క మాటతో మర్నాడు మళ్లీ చీటీ వేశారంటే, మేం భయాన్ని హోంవర్క్‌గా చూశామని అర్థం. చెబుతుంటే గుమ్మం వైపు చూస్తున్నారంటే, హోంవర్క్ చేతిలో పెట్టకుండా మేం వేరే కబుర్లు చెబుతున్నాం. పట్టుకోవడం కష్టమైనది మూడోది. ఆసక్తితో వచ్చినవాళ్లకు సూత్రం చెప్పి పంపితే వాళ్లు గొడవ చేయరు, మళ్లీ చీటీ వేయరు, అంతే. అందుకే ‘ఆ’ గుర్తున్న చీటీలను వేరే డబ్బాలో దాస్తున్నాం. నెలకోసారి తీసి, ఎవరు మళ్లీ రాలేదో చూసి, హాల్లో కనిపించినప్పుడు మేమే పిలుస్తాం.

ఫిబ్రవరి మొదట్లో

చీటీ కొత్త అచ్చు వచ్చింది. రెండు ప్రశ్నలు అవే. ‘పేజీ నంబరు గానీ, ఆ వాక్యం గానీ’ దగ్గర ‘లేదా నువ్వు చూసిన వస్తువు’ అని చేర్చాం. షటిల్ అమ్మాయి ఇచ్చిన సలహా ఇది. ఇప్పుడు పిల్లలు ‘ఫ్రిజ్ వెనక వేడి’, ‘మెట్రో ఆగేటప్పుడు’ అని రాస్తున్నారు.

‘కెమిస్ట్రీ’ అని ఒక్క మాటతో వచ్చే చీటీలకు రెండో ప్రశ్న సరిగ్గా పనిచేయడం లేదని తోటి వాలంటీర్ అంటున్నాడు. అక్కడ పిల్లలు ఒక వాక్యం దగ్గర ఆగరు, సమీకరణాన్ని తుల్యం చేయబోయి మధ్యలో ఆగుతారు, దాన్ని పేజీ నంబరుతో చెప్పలేరు. కెమిస్ట్రీ చీటీకి కింద ఖాళీ వదిలి, ‘నువ్వు చేసినంతవరకు ఇక్కడ రాయి’ అని అడగాలని అతని ప్రతిపాదన. వచ్చే వారం ఆ చీటీలు కొన్ని చేత్తో రాసి పెట్టెలో పెట్టి చూస్తాం.